చెప్పొద్దన్న మాట చెప్పాక, ఆ సంగతి తనతోనే ఒప్పుకోవడం: నా అనుభవం

నా స్నేహితురాలు ఐవీఎఫ్ చేయించుకుంటున్న సంగతి వాళ్ళమ్మకి, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. "నీ దగ్గరే ఉండనీ" అంది. మూడు వారాలు తిరక్కుండా నేను ఆ సంగతి మా పిన్ని కూతురికి చెప్పాను. అక్కకి పెళ్ళై ఆరేళ్ళు. మంచి క్లినిక్ కోసం వెతుకుతోంది. నాకు తెలిసింది చెప్పాను, పేరుతో సహా. ఎందుకు చెప్పానన్నది అంతకన్నా పెద్దగా లేదు. ఆ మాట నా స్నేహితురాలితో నేనే ఒప్పుకోవడానికి ఏం చేశాను, ఎక్కడ తప్పబోయాను అన్నది మాత్రమే రాస్తున్నాను.

శుక్రవారం చెప్పాను. మంగళవారం అక్క మళ్ళీ ఫోన్ చేసి, మాటల మధ్యలో "మా బ్లాక్‌లో ఐదో ఫ్లోర్ ఆవిడ తమ్ముడి పేరు చెప్తే అప్పుడర్థమైంది, మీ ఫ్రెండ్ వాళ్ళ ఆడపడుచే" అంది. అప్పటిదాకా నేను చేసింది తప్పనిపించలేదని కాదు. ఎవరికీ తగలని తప్పులే అనుకున్నాను. ఆ ఫోన్‌తో ఆ ధీమా పోయింది.

ముందు తేల్చుకోవాల్సింది, అసలు చెప్పాలా వద్దా అని. "తనకి తెలియకుండానే పోవచ్చు కదా, అనవసరంగా బాధపెట్టడం ఎందుకు" అని మనసు ఎలాగూ అంటుంది. ఆ ప్రశ్నని అలా పెట్టుకుంటే ఎప్పటికీ తెగదు. ఈ మాట ముందే తెలిస్తే తను ఏమైనా చేసుకోగలదా అని అడిగితే తెగుతుంది. వచ్చే ఆదివారం ఆ ఆడపడుచు కొడుకు అన్నప్రాశన. నా స్నేహితురాలు వెళ్తుంది. అక్కడ ఎవరైనా "ఏమ్మా, ట్రీట్‌మెంట్ ఎలా ఉంది?" అంటే, ముందే తెలిసి ఉంటే ఏం చెప్పాలో ఆలోచించుకుని వెళ్తుంది, లేదా అసలు వెళ్ళడం మానేస్తుంది, లేదా వాళ్ళాయనతో కలిసి అత్తగారికి తామే ముందుగా చెప్పుకుంటుంది. తెలియకపోతే పదిమందిలో ముఖం పాలిపోయి నిలబడుతుంది. కాబట్టి ఆదివారం లోపల చెప్పాలి, అదీ శనివారం రాత్రి కాదు, ఆలోచించుకోవడానికి రెండు రోజులైనా మిగిలేలా.

వేళ కూడా చూసుకోవాలి. ఐవీఎఫ్‌లో ఒక్కో దశ ఒక్కో రకం. దాదాపు 10, 12 రోజులు రోజూ ఇంజెక్షన్లు, తర్వాత మత్తిచ్చి అండాలు తీయడం, పిండాన్ని గర్భాశయంలో పెట్టడం, అక్కడినుంచి రక్తపరీక్ష దాకా రెండు వారాల ఎదురుచూపు. తనకి అప్పటికి అండాలు తీయడం అయిపోయింది. పిండాలు ఫ్రీజ్ చేసి ఉంచారు, వాటిని గర్భాశయంలో పెట్టే ట్రాన్స్‌ఫర్ వచ్చే నెల. మధ్యలో ఖాళీ ఉందన్నమాట, అది నా అదృష్టం. తను ఆ రెండు వారాల ఎదురుచూపులో ఉండి, ముందర ఫంక్షన్ ఏదీ లేకపోతే, పరీక్ష అయ్యేదాకా ఆగేదాన్ని. ఫంక్షన్ ఉంటే అప్పుడూ ఆగేదాన్ని కాదు.

వేళ గురించి వాళ్ళాయన్ని అడుగుదామా అని ఒక ఆలోచన వచ్చింది. సంగతి ఆయనకి తెలిసిందే కదా, అందులో తప్పేముంది అనిపించింది. కానీ తనకంటే ముందు ఇంకొకరితో ఈ మాట ఎత్తడమంటే అదే తప్పు రెండోసారి చేయడం. ఒకే ఇంట్లో ఇద్దరిలో ఒకరికి ముందు తెలిసి, రెండోవాళ్ళకి సాయంత్రం తెలిస్తే, అది వాళ్ళిద్దరి మధ్య కొత్త గొడవ. మా ఇద్దరికీ ఉన్న ఉమ్మడి స్నేహితుల్ని సలహా అడగడం కూడా ఇంతే. "పేరు చెప్పకుండా అడుగుతా" అనుకుంటాం. మనకున్న స్నేహితులు ఎందరు, అందులో పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ఎందరు? రెండో వాక్యానికే పట్టేస్తారు.

బుధవారం అక్కకి ఫోన్ చేశాను. ఒప్పుకునే ముందు మాట ఎంతదూరం వెళ్ళిందో తెలుసుకోవాలి, ఎందుకంటే తను అడిగే మొదటి ప్రశ్న అదే. ఈ ఫోన్‌లో రెండు తప్పులు జరగొచ్చు. "ఎవరికైనా చెప్పావా?" అని అడిగితే ఎవరైనా "ఛ, నేనెందుకు చెప్తా" అంటారు, నిజంగానే చెప్పలేదని నమ్ముతూ అంటారు. భర్తకి చెప్పడం, తల్లికి చెప్పడం చాలామంది లెక్కలో చెప్పడమే కాదు. అందుకని "బావగారికి తెలుసా? పిన్నికి తెలుసా? ఐదో ఫ్లోర్ ఆవిడతో ఆ పేరు వచ్చినప్పుడు ఇంకేమన్నావు?" అని ఒక్కొక్కరి గురించీ విడిగా అడిగాను. బావగారికి తెలుసు. పిన్నికి తెలుసు. ఆవిడతో మాత్రం "మీ మరదలు నాకు తెలుసు, మా చెల్లెలి ఫ్రెండ్" అన్నంతవరకే అందట.

రెండో తప్పు, కంగారు చూపించడం. "అయ్యయ్యో, వాళ్ళింట్లో తెలిస్తే పెద్ద గొడవైపోతుంది" అన్నామంటే అప్పటిదాకా మామూలుగా ఉన్న మాటకి విలువ పెంచినట్టే. నేను అన్నది ఇంతే: "అక్కా, అది నేను నీకు చెప్పకూడని మాట. తను నన్ను నమ్మి చెప్పింది. ఇక ముందుకి పోనివ్వకు." అబద్ధం చెప్పమని మాత్రం అడగలేదు. ఆవిడ ఎదురుపడి అడిగితే "నాకేం తెలియదు" అనమని నేర్పిస్తే, అక్కకి ఇంకో రహస్యం మోయడం అప్పగించినట్టు. దాన్నీ అలాగే ఇంకొకరికి చెప్తుంది. అక్క చివర్లో "అవునూ, ఇది ఎన్నోసారి వాళ్ళకి?" అని అడిగింది. "అది తన సంగతి అక్కా" అన్నాను. ఆ జవాబు శుక్రవారం వచ్చి ఉంటే ఈ రాతకి పనే ఉండేది కాదు.

ఈ వాకబుకి ఒక్కరోజు కంటే ఎక్కువ పెట్టుకోకూడదు. పూర్తిగా తేలేదాకా ఆగుదాం అనిపిస్తుంది, కానీ మాట ఎంతదూరం పోయిందో పూర్తిగా ఎప్పటికీ తేలదు. పైగా ఆగే ప్రతిరోజూ "మరి మంగళవారమే తెలిస్తే ఇన్నాళ్ళూ ఏం చేశావ్?" అన్న ప్రశ్నకి జవాబు పొడుగవుతుంది.

తర్వాత ఏం చెప్పాలో రాసుకున్నాను. ఫోన్‌లో చెప్పేదానికి రాసుకోవడం ఎందుకంటారేమో. రాసుకోకపోతే నోటికి అలవాటైన మాటలే వస్తాయి, ఆ అలవాటైన మాటలే ఇక్కడ పనికిరావు. నా మొదటి చిత్తుప్రతి ఇది:

"నీకో మాట చెప్పాలి, ఏమనుకోకే. మొన్న మా అక్కతో మాట్లాడుతుంటే మాటల్లో నీ విషయం వచ్చింది. తను కూడా చాలా బాధలో ఉంది, పెళ్ళై ఆరేళ్ళయింది. సాయం చేద్దామనుకున్నా. నోరు జారింది. అక్క చాలా మంచిది, ఎవరికీ చెప్పదు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. నన్ను క్షమించు."

ఎనిమిది వాక్యాలు. "నేను చెప్పాను" అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. మన భాషలో తప్పు చేసినవాళ్ళకి దాక్కునే చోట్లు బాగా ఉన్నాయి. "నీ విషయం వచ్చింది" అంటే విషయం దానంతటదే నడుచుకుంటూ వచ్చింది. "నోరు జారింది" అంటే జారింది నోరు, నేను కాదు. "తెలిసిపోయింది", "చెప్పాల్సి వచ్చింది" ఇవీ అంతే. ఆఖరికి "చెప్పేశాను" అన్నదాంట్లో కూడా ఏదో తొందరలో జరిగిపోయిందన్న జాలి కొంత ఉంది. "చెప్పాను" అన్నదాంట్లో లేదు. ఆ చిత్తులో క్రియలన్నిటి కింద గీత గీసి, ఎవరు చేశారు అని పక్కన రాసుకుంటే నా పేరు రావాల్సిన చోటల్లా వేరే ఏదో ఉంది.

మిగతావీ చూడండి. "ఏమనుకోకే" అంటే విషయం వినకముందే కోపం తెచ్చుకోవద్దని ఆంక్ష పెట్టడం. అక్క ఆరేళ్ళ బాధ నిజమే, కానీ అది ఇక్కడ పెడితే నా స్నేహితురాలు కోప్పడితే అక్క కష్టాన్ని లెక్కచేయనట్టు అవుతుంది. పైగా అది అక్క నాకు చెప్పుకున్న మాట. ఒకరి గుట్టు బయటపెట్టానని ఒప్పుకుంటూ ఇంకొకరి గుట్టు ఇస్తున్నాను! "ఎవరికీ చెప్పదు" అన్నది నేను ఇవ్వలేని హామీ, అప్పటికే ఇద్దరికి చెప్పింది కూడా. "నిద్ర పట్టట్లేదు" అంటే తను ఇప్పుడు నన్ను ఊరుకోబెట్టాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం ఆ చిత్తులో లేని వాక్యం. అక్కకి నేను చెప్పింది ఐవీఎఫ్ సంగతి ఒక్కటే కాదు. "వాళ్ళాయనకి స్పెర్మ్ కౌంట్ తక్కువట" అని కూడా అన్నాను. అది రాయడానికి చెయ్యి రాలేదు. "ఐవీఎఫ్ సంగతి చెప్పాను" అంటే అబద్ధం కాదు కదా, అది సగం నిజమే కదా అనిపించింది. కానీ తనకి నిజంగా నష్టం చేసేది ఆ రెండో సగమే. పిల్లలు లేని ఇంట్లో అందరూ కోడలి వైపే చూస్తుంటే, భర్త పరువు కాపాడటానికి ఆ చూపులు తను మోస్తోంది. ఆ మోయడం ఎందుకోసమో దాన్నే నేను బయటపెట్టాను. అది దాచి మిగతాది ఒప్పుకుంటే, పది రోజుల తర్వాత అదే మాట ఇంకో దారిలో తన చెవిన పడితే, ఇక నా ఒప్పుకోలు మొత్తం నాటకమే. విడతలవారీగా ఒప్పుకున్నవాళ్ళని ఎవరూ నమ్మరు, మూడో విడత కూడా ఉందేమోనని చూస్తారు. ఏ వాక్యం దగ్గర చెయ్యి ఆగుతుందో దాన్నే ముందు రాయాలని అక్కడ పట్టుకున్నాను.

రెండోసారి రాసింది ఇది:

"నువ్వు నన్ను నమ్మి చెప్పిన ఐవీఎఫ్ సంగతి నేను మా పిన్ని కూతురికి చెప్పాను. పోయిన శుక్రవారం, ఫోన్‌లో. నీ పేరు, క్లినిక్ పేరు, మీ ఆయన కౌంట్ సంగతి, మూడూ చెప్పాను. తను వాళ్ళాయనకి, మా పిన్నికి చెప్పింది. తనుండేది మీ ఆడపడుచు వాళ్ళ బ్లాక్‌లోనే. ఆవిడకి చెప్పలేదంటోంది, అది నిజమో కాదో నేను గట్టిగా చెప్పలేను. నువ్వు చెప్పొద్దన్నావని గుర్తుండే చెప్పాను. తప్పు నాదే. సారీ."

ఇవీ ఎనిమిదో తొమ్మిదో వాక్యాలే. పొడుగు తగ్గలేదు, మోసే బరువు మారింది. ఎవరికి, ఎప్పుడు, ఏమేం, అక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది ఉంది. ఎందుకు అన్నది లేదు. అది తను అడిగితే చెప్పాల్సింది. "గుర్తుండే చెప్పాను" అన్న మాట రాయడానికి కాస్త టైమ్ పట్టింది. "మర్చిపోయాను" అంటే తేలిగ్గా ఉంటుంది కానీ మర్చిపోలేదు. అక్కతో మాట్లాడుతూ ఒక క్షణం ఆగి, "పర్లేదులే" అనుకుని మరీ చెప్పాను.

చివరి మాట దగ్గర కూడా కొంచెం ఆగాను. "క్షమించు" గంభీరంగా ఉంటుందని మొదట అదే రాశాను. కానీ అది అడగడం. అడిగాక అవతలివాళ్ళు ఏదో ఒకటి అనాలి. "సారీ" అన్నాక ఏమీ అనకపోయినా పర్వాలేదు. తేలికైన మాటే, కానీ తన మీద పని పెట్టదు.

వాట్సాప్‌లో పంపేద్దామన్న ఆలోచన ఎందుకు మానుకున్నానంటే, ధైర్యం సంగతి కాదు. తన ఫోన్ లాక్ స్క్రీన్ మీద మెసేజ్ మొదటి రెండు లైన్లు కనిపిస్తాయి, ఆ ఫోన్ వంటింట్లో అత్తగారి పక్కనే ఉంటుంది. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా ప్రమాదం, అలవాటుగా స్పీకర్‌లో నొక్కుతారు. గుట్టు బయటపడిందని చెప్పడానికి గుట్టంతా రాసి పంపడం ఎంత తెలివి! నేను విశాఖలో, తను హైదరాబాద్‌లో, కాబట్టి ఎదురుగా కూర్చుని చెప్పడం కుదరదు. ఫోనే దారి.

ముందు ఒక మెసేజ్ పెట్టాలి. "నీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి" అని పెడితే సాయంత్రం దాకా తను ఎవరికేమైందోనని ఊహించుకుంటూ ఉంటుంది. అందుకని గురువారం పొద్దున "అందరూ క్షేమం. నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. సాయంత్రం ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ చెయ్యి, పది నిమిషాలు చాలు" అని పెట్టాను. ఇందులో రహస్యం లేదు, కానీ తప్పు నాదని ముందే ఉంది. ఆ మెసేజ్ పెట్టాక నేనూ వెనక్కి తగ్గలేను, అది కూడా దాని ఉపయోగమే.

ఆరున్నరకి చేసింది. "పక్కన ఎవరైనా ఉన్నారా? కార్ బ్లూటూత్‌లో లేదు కదా?" అని అడిగి, రాసుకున్నది ఉన్నదున్నట్టు చెప్పాను. చదివినట్టు వినిపిస్తుందని భయపడ్డాను. వినిపించింది కూడా, కానీ ఏ ముక్కా జారిపోలేదు. నలభై సెకన్లు పట్టి ఉంటుంది.

తర్వాత తను ఏమీ మాట్లాడలేదు. అసలు చెడేది ఇక్కడే. ఆ నిశ్శబ్దం భరించలేక మనం మొదటి చిత్తులో కొట్టేసినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తాం: అక్క ఆరేళ్ళు, మంచి మనసు, నిద్ర. నేను ఎదురుగా కాగితం మీద "ఆగు" అని రాసి పెట్టుకున్నాను. చిన్నపిల్లల పనిలా ఉంటుంది, నిజమే. అది చూస్తూ ఊరుకున్నాను.

"కౌంట్ సంగతి ఎందుకే చెప్పావ్?" అంది. ముందు అడిగింది అదే. ఐవీఎఫ్ సంగతి కాదు.

"తెలిసినదాన్నని చూపించుకోవాలనిపించింది" అన్నాను. అదే నిజం. క్లినిక్ పేరు చెప్పడం సాయం. దీంట్లో సాయం ఏమీ లేదు. ఎందుకు అని అడిగినప్పుడు ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే మనం ఇంకా నిజం దగ్గరికి పోలేదన్నమాట.

"మీ పిన్నికి ఎప్పుడు తెలిసింది?" "ఆదివారం." "మా వదినకి చెప్పలేదని మీ అక్క అందా, నువ్వనుకుంటున్నావా?" "అక్క అంది. మీ మరదలు నాకు తెలుసు, మా చెల్లెలి ఫ్రెండ్ అన్నంతవరకే అన్నానంది." ఇలా ఐదారు ప్రశ్నలు. బుధవారం అక్కని ఒక్కొక్కరి గురించీ విడిగా అడగడం ఇక్కడ అక్కరకొచ్చింది. తెలియనిచోట "తెలియదు" అన్నాను, "ఉండదులే" అనలేదు.

ఆఖరికి నేను ఒకటే అడిగాను: "నేనేం చేస్తే నీకు పనికొస్తుంది, ఏం చేయకూడదు?" "అక్కతో మాట్లాడనా? మీ ఆయనకి నేనే సారీ చెప్పనా?" అని నా అంతట నేను జాబితా చదవలేదు. ఆ జాబితాలో ప్రతిదీ మళ్ళీ ఎవరో ఒకరితో ఈ మాట ఎత్తడమే. తను చెప్పింది రెండే. "మీ అక్కతో దీని గురించి ఇక మాట్లాడకు. నేను చేసేదాకా నాకు ఫోన్ చెయ్యకు." "సరే" అన్నాను. పెట్టేసింది. మొత్తం తొమ్మిది నిమిషాలు.

ఇక్కడినుంచి చేయాల్సింది తక్కువ, చేయకుండా ఉండాల్సింది ఎక్కువ. పండగ శుభాకాంక్షలు పెట్టలేదు. "ఇంకా కోపమేనా?" అని పెట్టలేదు. తనకి ఇష్టమని కాకినాడ కాజా పార్సెల్ పంపుదామనుకుని మానేశాను. అది తింటే క్షమించినట్టు, తినకపోతే కోపమున్నట్టు, ఎటైనా తనని ఇరకాటంలో పెట్టడమే. ఉమ్మడి స్నేహితురాలు ఒకామె "ఏంటే, మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదా?" అంటే "నావల్ల ఒక తప్పు జరిగింది" అని ఊరుకున్నాను. "ఏం జరిగింది?" అంటే చెప్పలేదు. అలా అన్నాక కూడా, "నావల్ల జరిగింది" అని మళ్ళీ కర్తని దాచానే అనిపించింది. అలవాటు అంత తొందరగా పోదు.

ఐవీఎఫ్ క్లినిక్‌లు దంపతుల వివరాలు గోప్యంగా ఉంచాలని 2021లో వచ్చిన చట్టంలోనే ఉంది. ఫైల్ మీద పేరు కనబడకుండా కవర్లో పెట్టి ఇస్తారని తను ఒకసారి చెప్పింది. అంత జాగ్రత్తపడిన మాట బయటికొచ్చింది నా దగ్గరినుంచి.

ఆదివారం ఫంక్షన్‌కి తను వెళ్ళిందట. వెళ్ళేముందు, శనివారమే, తనూ వాళ్ళాయనా కలిసి అత్తగారితో ట్రీట్‌మెంట్ సంగతి చెప్పుకున్నారు. కౌంట్ సంగతి చెప్పారో లేదో నేను అడగలేదు. ఇది కూడా ఐదు వారాల తర్వాత తను ఫోన్ చేసినప్పుడు తెలిసింది. ఫోన్ చేసింది దీని గురించి కాదు, నా దగ్గరున్న తన పాత సర్టిఫికెట్ల స్కాన్ కాపీ కోసం. పంపించాను. మధ్యలో ఈ మాట తనే ఎత్తి, తనే ముగించింది.

ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, మునుపటంత కాదు. ట్రాన్స్‌ఫర్ అయిందా, ఏమైంది అన్నది నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మొన్న అక్క ఉండబట్టలేక "మీ ఫ్రెండ్‌కి ఏమైందే?" అని అడిగింది. "నాకు తెలియదక్కా" అన్నాను.